అంటించిన చీటీ, కౌంటరు మీది కాటా

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో వైట్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన దుకాణంలో మెల్లిన్ అనే ఆయన తయారుచేసే పసిపిల్లల ఆహారం సీసాల్లో అమ్మేవాడు. దాంతోపాటు వాన్స్ పేరుతో అలాంటిదే ఇంకో సరుకు తనది కూడా ఉండేది. ఒకరోజు ఆయనకొక ఆలోచన వచ్చింది. మెల్లిన్ సీసాల మీద ఒక చిన్న చీటీ అంటించాడు. ఇప్పటిదాకా మార్కెట్లోకి వచ్చిన మరే ఆహారం కన్నా వాన్స్ ఆహారమే ఎక్కువ పుష్టి, ఎక్కువ ఆరోగ్యం అని దాని సారాంశం. చీటీలో మెల్లిన్ పేరు లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, చీటీ అంటించిందే మెల్లిన్ సీసా మీద కాబట్టి.

మెల్లిన్ కోర్టుకెక్కాడు. కింది కోర్టులు ఒకదానికొకటి పొసగని తీర్పులిచ్చాక, 1895లో వ్యవహారం ప్రభువుల సభ దాకా వెళ్లింది. అక్కడ మెల్లిన్ ఓడిపోయాడు. హెర్షెల్ ప్రభువు చెప్పిన కారణం వినడానికి సరదాగానే ఉంటుంది. తన సరుకే మేలని ప్రతి వ్యాపారీ అంటాడు, అది నిజమా కాదా అని తేల్చడానికి మేం కూర్చుంటే న్యాయస్థానాలే ప్రకటనల యంత్రాలైపోతాయి, గెలిచినవాడు ఆ తీర్పునే తన సరుకుకు ప్రచారంగా వాడుకుంటాడు అన్నది ఆయన భయం.

పేరెత్తకుండా, ఎవరినీ తిట్టకుండా ‘మాదే మేలు’ అని చెప్పే రాత చరిత్రను ఇక్కడి నుంచే మొదలుపెట్టడం నాకిష్టం. వైట్ చీటీ పైకి ఎంత మర్యాదగా కనిపిస్తుందో లోపల అంత గడుసుది. పేరు రాయకపోవడం ఒకటి, ఎవరినీ వేలెత్తి చూపకపోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకటేనని అనుకున్నవాళ్లు తర్వాతి నూరేళ్లలో చాలామందే తగిలారు. వాళ్లలో కొందరు కోర్టు ఖర్చులు కూడా కట్టుకున్నారు.

అదే కాలంలో అట్లాంటిక్ అవతల మరో రకం రాత పుట్టింది. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ ఐవరీ అనే తెల్ల సబ్బు తయారుచేసేది. ఆ రోజుల్లో మంచి సబ్బంటే ఆలివ్ నూనెతో చేసే కాస్టీల్ సబ్బు. జనం మనసులో కొలబద్ద అదే. హార్లీ ప్రాక్టర్ తన సబ్బును రసాయన పరీక్షకు పంపించాడు. సబ్బు కాని పదార్థం అందులో ఎంతుందో లెక్క తేలింది: కలవకుండా మిగిలిన క్షారం 0.11 శాతం, కార్బొనేట్లు 0.28, ఖనిజ పదార్థం 0.17. మొత్తం 0.56. నూటిలోంచి అది తీసేస్తే 99.44 మిగిలింది. 1882లో ఆ అంకెను భిన్నంతో సహా ప్రకటనలో వేశారు.

మామూలు వ్యాపారి అయితే ‘నూటికి నూరుపాళ్లు శుద్ధం’ అని కొట్టేసేవాడు, చదివినవాడు పేజీ తిప్పేసేవాడు. ఈయన తన సబ్బులో మలినం ఎంతుందో ముందు తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడి మాట కాబట్టి మిగతా తొంభైతొమ్మిదీ చిల్లర నమ్మబుద్ధయింది. పక్క సబ్బు గురించి ఒక్క ముక్క లేదు. కానీ చదివిన ఇల్లాలికి ఒక ప్రశ్న చేతికందింది: మరి మా ఇంట్లో వాడే సబ్బు సంగతేమిటి? ఆ ప్రశ్న ఆమె తన దుకాణదారును అడుగుతుంది. జవాబు చెప్పుకోవాల్సింది వాడు. పోల్చే పని కొనేవాళ్లకు వదిలేసి, కొలబద్ద మాత్రం చేతికివ్వడం ఈ రాతలోని పనితనం. నేనీ వృత్తిలోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, దీనికి మించిన పద్ధతి నాకింకా కనబడలేదు.

కానీ కొలబద్ద చేతికిచ్చేటప్పుడే ఒక తిరకాసు కూడా జరగొచ్చు. దాన్ని చూపించినవాడు మా వృత్తికి పెద్దదిక్కే, క్లాడ్ హాప్కిన్స్. ష్లిట్జ్ బీరుకు ప్రకటన రాసే పని ఆయనకొచ్చింది. అప్పట్లో బీరు కంపెనీలన్నీ ‘శుద్ధమైనది’ అనే మాటనే పెద్దక్షరాల్లో వేసుకుంటున్నాయి. హాప్కిన్స్ మిల్వాకీ వెళ్లి తయారీ చూశాడు. వడగట్టిన గాలిలో బీరు చల్లారే అద్దాల గదులు, సీసాలను యంత్రాలతో నాలుగుసార్లు కడగడం, వేల అడుగుల లోతు బావుల నుంచి తోడే నీరు, వందలకొద్దీ ప్రయోగాలతో తేల్చుకున్న మూల ఈస్టు, అన్నీ చూపించారు. ఇవి జనానికెందుకు చెప్పరని అడిగితే, అందులో విశేషమేముంది, అందరూ ఇలాగే చేస్తారు కదా అన్నారు వాళ్లు. అందరూ చేస్తున్నారు గానీ ఎవరూ చెప్పలేదు కదా అన్నది హాప్కిన్స్ జవాబు. ఆయన చెప్పాడు. అయిదో స్థానంలో ఉన్న ష్లిట్జ్ కొద్ది నెలల్లోనే మొదటి స్థానానికి పోటీకొచ్చిందని 1927లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. తన గురించి తను రాసుకున్న మాట కాబట్టి, ఆ లెక్కను కాస్త తగ్గించే తీసుకోవాలి.

ఈ కథను మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరికీ చెబుతారు. నేనూ చెప్పాను. కానీ వయసు పెరిగేకొద్దీ నాకు ఇందులో ఒక ముల్లు గుచ్చుకుంటోంది. ష్లిట్జ్ కోసం రాసిన ప్రతి వాక్యమూ నిజం. ఎవరి పేరూ లేదు, ఎవరినీ తక్కువ చేయలేదు. అయినా చదివినవాడి మనసులో పడిన ముద్ర మాత్రం ‘వీళ్లే నాలుగుసార్లు కడుగుతారు, మిగతావాళ్లు కడగరు’ అని. ఆ ముద్ర అబద్ధం. అబద్ధం రాయకుండానే అబద్ధం చెప్పడమంటే ఇదే.

ఇది పాత ముచ్చట కాదు. మన వంటింటి అలమరలోనే దీని మనవడు కూర్చుని ఉన్నాడు. వేరుశనగ నూనె డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఆకుపచ్చ చుక్కలో రాసుంటుంది. మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది ఆ కంపెనీ ఘనత కాదు, పల్లీ స్వభావం. మన ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు ఈ తిరకాసును పట్టుకున్నాయి. ఒక జాతి ఆహారం మొత్తానికీ సహజంగా ఉన్న గుణాన్ని తన సరుకొక్కదానికే ఉన్నట్టు చెప్పుకోకూడదన్నది వాటి తాత్పర్యం. ఇతరుల సరుకును కించపరిచి తన ఆహారాన్ని అమ్ముకోకూడదన్న నియమం కూడా అందులోనే ఉంది.

మధ్యలో ఇరవయ్యో శతాబ్దం ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను. అమెరికా టీవీలో చాలాకాలం పోటీ సరుకును ‘బ్రాండ్ ఎక్స్’ అనేవారు, ముఖం లేని ఒక తెల్ల డబ్బా పెట్టి దాన్ని ప్రతిసారీ ఓడించేవారు. 1970ల్లో అక్కడి ప్రభుత్వ వ్యాపార సంఘమే పేరు పెట్టి పోల్చుకోండి, కొనేవాడికి మేలు అని ప్రోత్సహించింది. జర్మనీ లాంటి దేశాల్లో మాత్రం 1997లో ఐరోపా ఉమ్మడి నిబంధన వచ్చేదాకా పోలికంటేనే చిన్నచూపు. ఈ రణగొణలో 1958లో డేవిడ్ ఒగిల్వీ రోల్స్ రాయిస్ కారుకు రాసిన శీర్షిక ఒక్కటి నిలబడింది. అరవై మైళ్ల వేగంలో కారులో అన్నిటికన్నా పెద్ద చప్పుడు గడియారానిదేనని దాని భావం. ఆ మాట ఆయన సొంతం కాదు, ఒక మోటారు పత్రిక సంపాదకుడి పరిశీలన. అంతకు పాతికేళ్ల ముందే ఇంకో కారు ప్రకటనలోనూ ఇలాంటిదే వచ్చింది. అయినా మనకు కావలసిన సంగతి వేరు. అక్కడ పోలిక ఇంకో కారుతో కాదు, ఆ కారులోనే ఉన్న గడియారంతో. ఎవరికీ దెబ్బ తగలదు, నిశ్శబ్దం ఎంతో మాత్రం చెవికి తెలిసిపోతుంది.

ఇక మన దేశానికొద్దాం. అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో మొదలుపెట్టిన నిర్మా పౌడరు, ఎంతో తక్కువ ధరతో, సర్ఫ్ కింద నేలను లాగేస్తూ వచ్చింది. 1980ల్లో లింటాస్ సంస్థ, అందులో అలిక్ పదమ్సీ, సర్ఫ్ కోసం లలితాజీని తెచ్చారు. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో టీవీ చూసినవాళ్లకు ఆ చీరకట్టు, కూరగాయలవాడితో ఆ బేరం ఇప్పటికీ గుర్తే. ఆ పాత్ర వేసిన కవితా చౌదరి తర్వాత ‘ఉడాన్’ సీరియల్ తీశారు. పదమ్సీ ఆ పాత్రను తన తల్లిని చూసి మలిచానని చెప్పుకునేవాడు.

లలితాజీ నోట నిర్మా పేరు రాలేదు. చవక సరుకు పనికిరాదని కూడా ఆమె అనలేదు. చవక వేరు, మంచి వేరు అంది. ఆ తర్వాత లెక్కలోకి దిగింది: అరకిలో సర్ఫ్ చేసే పని కిలో చవక పౌడరు పనికి సమానం. అంటే కొలబద్దనే మార్చేసింది. అప్పటిదాకా ఇల్లాలు ప్యాకెట్టుకెంత అని చూసేది, ఇకమీదట ఉతుక్కెంత అని చూడమంది. పేరెత్తని పోలికలో మన దేశం చేసిన గొప్ప పని ఇదేనని నా లెక్క. అయితే ఇందులోనూ ఒక సన్నని గీత ఉంది. అరకిలోకు కిలో సమానమన్న మాట పరీక్షలో నిలబడాలి. నిలబడకపోతే లలితాజీ ఎంత హుందాగా మాట్లాడినా అది వట్టి గప్పాలే.

గీత దాటితే ఏమవుతుందో మన ఇళ్లలోని నీలిమందే తేల్చింది. తెల్లబట్టలకు రాబిన్ బ్లూ పెట్టే ఇళ్లలోకి కేరళ నుంచి ఉజాలా వచ్చింది. చిన్న సీసా, నాలుగు చుక్కలు, అంతే. దాని టీవీ ప్రకటనలో పోటీ నీలిమందు సీసా ఒకటి చూపించారు. పేరు లేదు. ధర పది రూపాయలన్నారు. దాన్ని వాడితే ఖర్చెక్కువని, బట్ట మీద నీలిమచ్చలు పడతాయని చూపించారు. రాబిన్ యజమానులు కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. మేమెవరి పేరూ చెప్పలేదన్నది అవతలివాళ్ల రక్షణ. కోర్టు సీసా ఆకారం చూసింది, అది రాబిన్‌దే. ధర చూసింది, పది రూపాయలకు అమ్మే నీలిమందు అదొక్కటే. పేరు లేకపోయినా మొహం తెలిసిపోయింది.

1999 నాటి ఆ తీర్పులో చెప్పిన సూత్రాలు చాలా ఏళ్లు మా వృత్తికి ఎక్కాల పుస్తకంలా పనిచేశాయి. నా సరుకు ప్రపంచంలోకెల్లా మేలైనదని అనొచ్చు. పక్కవాడి సరుకు కన్నా మేలనీ అనొచ్చు. రెంటినీ పోల్చి చూపించవచ్చు. కానీ పక్కవాడిది చెడ్డదని అనకూడదు. ఇందులో చిత్రమేమిటంటే, మొదటి రెండు మాటలు నిజం కాకపోయినా ఫర్వాలేదన్నారు. హెర్షెల్ ప్రభువు నీడ నూరేళ్ల తర్వాత కూడా హుగ్లీ ఒడ్డున పడింది. ఆ సడలింపు ఎక్కువకాలం నిలవలేదు. 2010లో దోమల మందుల తగాదాలో ఢిల్లీ హైకోర్టు, వ్యాపార ప్రకటనకు వాక్స్వాతంత్ర్యం ఉంది గానీ అది అబద్ధమూ మోసమూ కాకూడదు, అని ఆ వెసులుబాటును కుదించింది.

పేరూ లేదు, సీసా ఆకారమూ లేదు, అప్పుడైనా తప్పించుకోవచ్చా? 2004లో ఎర్ర పళ్లపొడి వ్యవహారంలో దానికీ జవాబొచ్చింది. కోల్గేట్ తన తెల్ల పళ్లపొడి ప్రకటనలో ఒక సినీనటుడి చేత, లాల్ దంత్ మంజన్ కొనబోయేవాణ్ణి ఆపించింది. ఆ ఎర్రపొడిని కళ్లద్దాల మీద రుద్దితే గీతలు పడ్డట్టు చూపించింది, పళ్లకూ అదే గతన్నమాట. ఎవరి బ్రాండూ కనిపించలేదు. ఎర్ర పళ్లపొడిలో పెద్ద వాటా ఉన్న డాబర్ కోర్టుకు వెళ్లింది. ఒక జాతి సరుకునంతా తిడితే, ఆ జాతిలో ఉన్న ప్రతివాణ్ణీ తిట్టినట్టే అని ఢిల్లీ హైకోర్టు ప్రకటన ఆపించింది. వైట్ చీటీ గెలిచిన 1895 నుంచి చూస్తే ఇది ఎంత దూరపు ప్రయాణమో! మొదట్లో ఎవరి సరుకు మేలో తేల్చడానికే కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత నీడ ఎవరిదని చూశారు. ఇప్పుడు నీడకు కూడా మొహం లేకపోయినా, దెబ్బ ఎవరికి తగిలిందని చూస్తున్నారు.

ఈ సంగతులన్నీ తలకెక్కాక నేను రాసిన ఒక చిన్న రాత గురించి చెబుతాను. మా ఊరి పక్కనే గానుగ పెట్టుకున్న ఒకాయన, దూరపు చుట్టం, వేరుశనగ నూనె సీసాలకు చీటీ రాసిపెట్టమన్నాడు. తను రాసుకొచ్చిన వాక్యం చూపించాడు. రిఫైన్డు నూనె విషమని, రసాయనాలతో తీస్తారని, తనది మాత్రం అమృతమని దాని సారం.

‘‘బావా, ఇందులో ఎవరి పేరూ లేదుగా’’ అన్నాడు.

‘‘ఎర్ర పళ్లపొడిలోనూ లేదు’’ అని ఆ కథ చెప్పాను.

రెండోసారి ‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అని రాసుకొచ్చాడు. అది ష్లిట్జ్ బీరు. మూడోసారి ఏమీ రాయకుండా వచ్చి, ‘‘మరి నా నూనెలో ఏముందని చెప్పను?’’ అని కూర్చున్నాడు. అదే సరైన ప్రశ్న. ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే. వాక్యంలో సరుకు పేరు వేలితో మూసి, పక్క దుకాణం పేరు పెట్టి చదువుతాను. అప్పుడూ నిజమే అయితే ఆ వాక్యం మనది కాదు. తర్వాత, వాక్యం చదివాక కళ్లముందు ఎవరి సీసా మెదిలిందో చూసుకుంటాను. మనది కాకుండా ఇంకొకరిది మెదిలితే ఆ వాక్యం వద్దు.

ఆయన గానుగకెళ్లి చూస్తే సంగతి కళ్లెదుటే ఉంది. ఆయన సీసాలో లీటరు కాదు, కిలో పోస్తున్నాడు. వాళ్ల నాన్న కాలం నుంచి కాటా మీద తూచి పోయడమే అలవాటు. నూనె నీటి కన్నా తేలిక కాబట్టి లీటరు వేరుశనగ నూనె తూగేది సుమారు 910 గ్రాములే. వేడి చేస్తే నూనె వ్యాకోచిస్తుంది, అరవై డిగ్రీల దగ్గర కొలిచి పోస్తే అదే లీటరు ఇంకో ఇరవై గ్రాములు తగ్గుతుంది. అందుకే కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో, నూనె ప్యాకెట్ల మీద ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచామన్న మాట తీసేసి, పరిమాణంతోపాటు బరువు కూడా వేయమని కంపెనీలకు చెప్పింది. బజారులో లీటరు గానుగ నూనె 330 రూపాయలుందనుకోండి. ఈయన కిలో 350. బల్ల మీద పక్కపక్కన పెడితే ఈయనదే ఇరవై రూపాయలు ఎక్కువ. గ్రాములకు కొట్టి చూస్తే అవతలిది కిలో దాదాపు 363 పడుతుంది. అంటే ఈయనే పదమూడు రూపాయలు తక్కువకు అమ్ముతూ, ఖరీదైనవాడన్న పేరు మోస్తున్నాడు.

చీటీ మీద 330 అని వేద్దామన్నాడు. వద్దన్నాను. బజారు ధర వారానికోసారి మారుతుంది, చీటీ మారదు. పైగా ఆ ధరకు అమ్మేవాడు ఊళ్లో ఒక్కడే ఉంటే, అది పది రూపాయల నీలిమందు సీసా అయి కూర్చుంటుంది. గానుగ నూనెను రిఫైన్డు నూనె ధరతో పోల్చడమూ వద్దు, జాతి వేరు కాబట్టి. ప్రకటనల ప్రమాణాల సంఘం 1985 నుంచీ అడుగుతున్నది ఇదే: దేన్ని దేనితో పోలుస్తున్నావో తేటగా ఉండాలి, నీకు అనుకూలమైనదాన్ని ఏరుకోకూడదు, రుజువు చేతిలో ఉండాలి. చివరికి చీటీ మీద పడిన మాటలివి:

‘ఇందులో నూనె: 1000 గ్రాములు. లీటరు వేరుశనగ నూనె తూకం సుమారు 910 గ్రాములు. మీరు కొనే నూనె ఏదైనా, వెల చూసేముందు సీసా వెనక గ్రాములు చూడండి. మా దుకాణంలో కాటా ఉంది, ఏ సీసా అయినా తెచ్చి తూచుకోవచ్చు.’

ఇందులో పక్కవాడు ఎక్కడా లేడు. లీటరుకు 910 అన్నది ఏ వ్యాపారి తప్పూ కాదు, నూనె గుణం. లీటరు అని రాసి లీటరు పోసేవాడు నిజాయితీపరుడే, ఈ చీటీ వాడినేమీ అనదు. రేపు ఇంకొకడు కూడా కిలో పోయడం మొదలుపెడితే ఈ వాక్యం మనకొక్కరికే దక్కకుండా పోతుంది. అది తెలిసే రాశాను.

ఆయన కౌంటరు మీద కాటా పెట్టాడు. బయటి సీసాలు ఎవరైనా తెస్తారేమోనని వారంపాటు ఎదురుచూశాడు. మొదట తూకానికొచ్చింది ఆయన సీసానే. ఒక పెద్దావిడ అప్పుడే కొన్న సీసాను తిన్నగా కాటా మీద పెట్టింది. అంకె 1038 దగ్గర ఆగింది.

‘‘ఇందులో సీసా బరువెంత నాయనా?’’ అందావిడ.

ఆయన దగ్గర జవాబు లేదు. సాయంత్రం నాకు ఫోను చేశాడు. ఖాళీ సీసాను మూతతో సహా తూచమన్నాను. 42 గ్రాములొచ్చింది. అంటే నూనె 996. కిలో ప్యాకెట్టుకు తూనికల నిబంధనలు ఒప్పుకునే తేడా పదిహేను గ్రాముల దాకా ఉంది కాబట్టి చట్టానికి ఏ అభ్యంతరమూ ఉండదు. కానీ చీటీ మీద వెయ్యి అని రాసింది మేం. మర్నాడు గానుగలో సీసాకు 1005 గ్రాములు పోయించడం మొదలుపెట్టాడు. కాటా పక్కన, ఖాళీ సీసా బరువు 42 గ్రాములని రాసిన అట్టముక్క ఒకటి వేలాడదీశాడు.